అన్నీ చేసే కన్సల్టెంటు ఎవరికీ ఎందుకు గుర్తురాడు? ఒక్క పనికి పేరు పడటం వెనుక లెక్క

క్లుప్తంగా: కన్సల్టెంట్లకు పని ఎక్కువగా నోటిమాట మీదే వస్తుంది. ఆ నోటిమాట కదలాలంటే పంపే మనిషికి సరైన క్షణంలో సరైన పేరు తట్టాలి. ‘అన్నీ చేస్తాం’ అనే మాటకు ఏ క్షణంతోనూ ముడి లేదు కాబట్టి అది ఎవరికీ తట్టదు. ఎన్నారైల ఫ్లాటు అమ్మకాల పన్ను పనిని ఉదాహరణగా తీసుకుని, రిఫరెన్స్ ఎలా పుడుతుంది, పోటీదారులు సైతం ఎప్పుడు పంపుతారు, రంగాన్ని ఎంతవరకు కుదించుకోవచ్చు, ఎక్కడ దెబ్బతింటుంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

బోర్డు మీద పది పనులు

హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపో, విజయవాడ గవర్నర్‌పేట వైపో నడిస్తే ట్యాక్స్ కన్సల్టెంట్ల బోర్డులు దాదాపు ఒకేలా కనిపిస్తాయి. జీఎస్టీ, ఇన్‌కంట్యాక్స్, టీడీఎస్, పీఎఫ్, ఈఎస్ఐ, ట్రేడ్ లైసెన్స్, ఫుడ్ లైసెన్స్, ప్రాజెక్ట్ రిపోర్టులు, కంపెనీ రిజిస్ట్రేషన్, చివర్లో పాన్ కార్డు. బోర్డులో ఇంకాస్త జాగా ఉంటే ఇంకో రెండు చేరేవి.

ఇలా రాయడానికి కారణం లేకపోలేదు. ఆఫీసు తెరిచిన కొత్తలో ఎవరు వచ్చినా పని చేసిపెట్టాలి, అద్దె కట్టాలి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినప్పుడు వ్యాట్ చూసేవాళ్లు, సర్వీస్ ట్యాక్స్ చూసేవాళ్లు అందరూ జీఎస్టీ కిందికి చేరారు. చిన్న వ్యాపారికి కూడా నెలనెలా మనిషి కావలసివచ్చింది. ఆ ఊపులో చాలా ఆఫీసులు నిలదొక్కుకున్నాయి. కొన్నేళ్లు గడిచాక అదే పని పక్క వీధిలో ఐదొందలు తక్కువకు దొరకడం మొదలైంది. ఇప్పుడు వీళ్లు ఎదుర్కొంటున్న చిక్కు ఏమిటంటే, క్లయింట్లు సంతోషంగానే ఉన్నారు, అడిగితే ‘మంచి మనిషి’ అంటారు, అయినా ఇంకొకరిని పంపరు.

పంపకపోవడానికి అసంతృప్తే కారణం అనుకుంటే పొరపాటు. పంపే సందర్భమే వారికి ఎదురుకావడం లేదు. కచ్చితంగా చెప్పాలంటే ఎదురవుతూనే ఉంది, కానీ ఆ క్షణంలో ఈ పేరు తట్టడం లేదు.

రిఫరెన్స్ పుట్టేది ఒక వాక్యం దగ్గర

ఒక అపార్ట్‌మెంట్ కింద వాకింగ్ చేస్తున్న ఇద్దరు పెద్దవాళ్లను ఊహించుకోండి. ఒకాయన అంటాడు: “మా అబ్బాయి డల్లాస్‌లోనే ఉండిపోతాడట అండీ. ఇక్కడి ఫ్లాటు అమ్మేద్దామంటున్నాడు.” రెండో ఆయనకు ట్యాక్స్ కన్సల్టెంటు ఒకరు తెలుసు, ఏటా రిటర్న్ ఆయన దగ్గరే వేయిస్తాడు. అయినా ఈ వాక్యం విన్నప్పుడు ఆయనకు కన్సల్టెంటు గుర్తుకు రాడు. గుర్తొచ్చేది బ్రోకరు, లేదా ఈమధ్య ఫ్లాటు కొనాలని తిరుగుతున్న బావమరిది. ఎందుకంటే ‘ట్యాక్స్’ అనే మాట ఆ వాక్యంలో లేదు.

అదే రెండో ఆయనతో ఆ కన్సల్టెంటు ఒకప్పుడు, “విదేశాల్లో ఉన్న పిల్లలు ఇక్కడి ఇల్లు అమ్ముతుంటే, అడ్వాన్స్ తీసుకునేముందు నాతో ఒక్కసారి మాట్లాడమనండి” అని ఉంటే సంగతి మారిపోతుంది. పిల్లలు, ఇల్లు, అమ్మకం, అడ్వాన్స్. ఇవన్నీ జనం మామూలుగా మాట్లాడుకునే మాటలు. వాటిలో ఏ ఒక్కటి చెవిన పడినా పేరు తడుతుంది.

నిపుణత పేరుకూ, పేరు తట్టించే మాటకూ తేడా ఇక్కడే ఉంది. ‘ఇంటర్నేషనల్ ట్యాక్సేషన్’ అన్నది నిజానికి ఈ పనికి సరైన శాస్త్రీయమైన పేరే. కానీ వాకింగ్‌లో ఎవరూ ఆ మాట అనరు. రంగాన్ని ఎంచుకున్న చాలామంది దాన్ని తమ చదువులోని పేరుతో చెప్పుకుంటారు. అవతలివాళ్ల నోట్లో నలిగే పేరుతో చెప్పుకోరు. అందుకే రంగం ఎంచుకున్నా ఫలితం కనిపించదు.

పేరు తట్టాక కూడా ఇంకో గడప ఉంది. పంపేవాడు తన మాటను పణంగా పెడుతున్నాడు. పని చెడితే “నువ్వు చెప్పావని వెళ్లాం” అన్న మాట పడాల్సివస్తుంది. అన్నీ చేసే మనిషి ఈ పని ఎంత బాగా చేస్తాడో పంపేవాడికి తెలియదు. ‘ఆయన చేసేది ఇదే’ అని చెప్పగలిగితే ఆ బెరుకు చాలావరకు పోతుంది. వైద్యంలో హస్తవాసి అనేది కూడా ఎక్కువగా ఒక్క జబ్బుకు ముడిపడిన పేరే. ‘మోకాళ్లకు ఫలానా డాక్టరు’ అంటారు గానీ ‘శరీరం మొత్తానికి ఫలానా డాక్టరు’ అని ఎవరూ అనరు.

ఒక ఫ్లాటు, రెండు లెక్కలు

ఈ పని ఎందుకు రిఫరెన్సులకు అనువైనదో తెలియాలంటే లోపలి లెక్క చూడాలి. డల్లాస్‌లో ఉంటున్న ఒక ఎన్నారై 2014లో హైదరాబాద్‌లో 60 లక్షలకు ఫ్లాటు కొని, 2025 జూన్‌లో కోటిన్నరకు అమ్మాడనుకుందాం. భారతదేశంలో ఆయనకు వేరే ఆదాయం లేదనుకుందాం.

లాభం 90 లక్షలు. 2024 జులై 23 తర్వాతి అమ్మకాలకు దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి లెక్కించే ఇండెక్సేషన్ తీసుకుని 20 శాతం కట్టే వెసులుబాటు పాత ఆస్తుల విషయంలో ఇక్కడ నివాసం ఉన్నవారికి మిగిలింది గానీ ఎన్నారైలకు లేదు. 90 లక్షల మీద 11.25 లక్షలు, దాని మీద 10 శాతం సర్‌ఛార్జి, ఆపైన 4 శాతం సెస్. మొత్తం 12.87 లక్షలు. ఆయన నిజంగా కట్టాల్సిన పన్ను ఇది.

చిక్కు పన్నులో లేదు, కొనేవారు డబ్బిచ్చేముందే పన్ను కింద కోసి ప్రభుత్వానికి కట్టే టీడీఎస్‌లో ఉంది. అమ్మేది ఇక్కడి నివాసి అయి, ధర 50 లక్షలు లేదా అంతకు మించి ఉంటే కొనేవారు కోసేది 1 శాతం. అమ్మేది ఎన్నారై అయితే ఆ నియమం వర్తించదు. లాభమెంతో కొనేవారికి తేల్చిచెప్పే దారి లేదు కాబట్టి ఆచరణలో అదే 12.5 శాతాన్ని మొత్తం ధర మీదే కోస్తారు. ధర కోటి దాటింది గనుక సర్‌ఛార్జి 15 శాతం అవుతుంది. సెస్ కలిపితే రేటు 14.95 శాతం. కోటిన్నర మీద 22 లక్షల 42 వేల 500 రూపాయలు.

అంటే అసలు పన్ను కంటే తొమ్మిదిన్నర లక్షలు ఎక్కువగా ప్రభుత్వం దగ్గర చిక్కుకుంటాయి. ఆర్థిక సంవత్సరం ముగిసి, 2026లో రిటర్న్ వేసి, రీఫండ్ వచ్చేదాకా ఆ డబ్బు చేతికి రాదు.

దీన్ని తప్పించే దారి ఉంది. అమ్మేవాడు ముందుగా ఆదాయపు పన్ను శాఖలో ఎన్నారైల కేసులు చూసే అధికారికి దరఖాస్తు పెట్టుకుని, తక్కువ రేటుకు కోసేలా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. ఇన్నాళ్లూ దీన్ని ఫారం 13 అంటున్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారినా, ఆఫీసుల్లో నడిచేది పాత పేరే. కొన్నప్పటి దస్తావేజు, ఇప్పటి అమ్మకం అగ్రిమెంటు, పాన్, పాత రిటర్నులు, లాభం లెక్క ఆదాయపు పన్ను శాఖవారి ట్రేసెస్ పోర్టల్‌లో ఎక్కించాలి. పై ఉదాహరణలో సర్టిఫికెట్ వస్తే కోత ధర మీద సుమారు 8.6 శాతానికి దిగుతుంది. అయితే దీనికి కొన్ని వారాలు పడుతుంది. పైగా సర్టిఫికెట్ డబ్బు చేతులు మారకముందే రావాలి. రిజిస్ట్రేషన్ అయిపోయాక వచ్చే క్లయింటుకు కన్సల్టెంటు చేయగలిగింది రీఫండ్ కోసం రిటర్న్ వేయడమే.

ఇంకో ప్రమాదం కొనేవారి వైపు ఉంది. అమ్మేది ఎన్నారై అని తెలియకో, తెలిసీ పట్టించుకోకో 1 శాతమే కోసి ఊరుకుంటే, మిగిలింది వడ్డీతో సహా కొన్నవారే కట్టాల్సివస్తుంది. అందుకే ఈ పనిలో అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ భయపడుతూనే ఉంటారు.

ఎవరు పంపుతారు, ఎందుకు పంపుతారు

ఈ అమ్మకం చుట్టూ ఎవరెవరు నిలబడి ఉన్నారో చూస్తే రిఫరెన్సుల దారి కనిపిస్తుంది. మొదటివాడు బ్రోకరు. బేరం కుదిరి, అగ్రిమెంటు రాసుకునే రోజున కొనేవారి లాయరు “పదిహేను శాతం కోయాలి” అంటాడు. అమ్మేవాడు ఒప్పుకోడు, బేరం ఆగిపోతుంది, బ్రోకరు కమీషన్ పోతుంది. కాబట్టి ఈ చిక్కును విప్పగలిగే మనిషి నంబరు బ్రోకరు తన అవసరం కోసమే దగ్గర ఉంచుకుంటాడు. అతనికి డబ్బిచ్చి పంపించుకోవాల్సిన పని లేదు. చార్టర్డ్ అకౌంటెంట్ల విషయంలోనైతే అలా ఇవ్వడానికీ వీల్లేదు. ఫీజులో బయటివారికి వాటా, కమీషన్ ఇవ్వడాన్ని 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం దుష్ప్రవర్తనగా లెక్కిస్తుంది.

రెండోది బ్యాంకు. అమ్మిన డబ్బు, ఎన్నారైల ఇక్కడి రాబడి జమయ్యే ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకు విదేశానికి పంపుకోవచ్చు, కానీ పన్ను కాగితాలు లేనిదే బ్యాంకు కదలదు. కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగికి రోజూ ఇదే ప్రశ్న. ఎవరి దగ్గరికి వెళ్లమనాలో చెప్పగలిగితే అతనికీ తలనొప్పి తగ్గుతుంది. మూడోది అమెరికాలో ఆ ఎన్నారై రిటర్న్ వేసే అకౌంటెంటు. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ తీసుకోవాలంటే ఇక్కడి లెక్క సరిగ్గా చేసే మనిషి అతనికి కావాలి.

ఈ ముగ్గురూ కన్సల్టెంటు మీద ప్రేమతో పంపడం లేదు. ఎవరి పని ఎక్కడ ఆగిపోతుందో అక్కడ పంపుతున్నారు. రంగం ఎంచుకునేటప్పుడు అడగాల్సిన గట్టి ప్రశ్న ఇదే: ఈ సమస్య విడకపోతే క్లయింటు కాకుండా ఇంకెవరి పని ఆగుతుంది? అలాంటివాళ్లు ఎవరూ లేని రంగంలో నైపుణ్యం ఎంత ఉన్నా రిఫరెన్సులు నెమ్మదిగానే వస్తాయి.

పోటీదారు కూడా పంపే పరిస్థితి

కూకట్‌పల్లిలో అన్నీ చేసే ఇద్దరు కన్సల్టెంట్లు ఎదురెదురుగా ఉంటే ఒకరు ఇంకొకరికి క్లయింటును పంపరు. పంపితే ఆ క్లయింటు జీఎస్టీ, రిటర్నులు, తమ్ముడి ఖాతా అన్నీ అటే పోతాయని భయం. ఆ భయం సబబైనదే.

ఇద్దరిలో ఒకరు ఎన్నారై అమ్మకాలు మాత్రమే చూస్తానని, మామూలు రిటర్న్ పని పంపినవారికే తిరిగి వెళ్తుందని చెప్పి, రెండు మూడు సార్లు అలాగే చేసి చూపిస్తే లెక్క తిరగబడుతుంది. రెండోవాడికి ఏడాదికి నాలుగైదుసార్లే వచ్చే ఈ పని అసలే తలకాయనొప్పి. అధికారి అడిగే వివరణలు, అమెరికా టైముకు ఫోన్లు. తన క్లయింటు తన దగ్గరే ఉంటాడన్న నమ్మకం కుదిరితే ఆ పనిని వదిలించుకోవడమే అతనికి లాభం. ఊళ్లో కింది కోర్టు వకీలు అప్పీలు కేసును హైకోర్టు వకీలుకు పంపడం వెనుకా ఇదే ఏర్పాటు ఉంది. హైకోర్టు వకీలు మళ్లీ ఊరికొచ్చి సివిల్ దావాలు వేయడు.

దీన్నిబట్టి చూస్తే కుదించుకోవడం అనేది చేసే పని గురించి ఎంతో, చేయని పని గురించి కూడా అంతే. ‘ఇది చేస్తాను’ అన్న మాట క్లయింటు చెవికి. ‘మిగతావి చేయను’ అన్న మాట సాటి కన్సల్టెంటు చెవికి. రెండో మాట నోట రావడమే కష్టం. “అవసరమైతే జీఎస్టీ కూడా చూస్తాం లెండి” అని ఒక్కసారి అంటే చాలు, అవతలివాడి తలుపు మూసుకుంటుంది.

ఇందులో ఒక పరిమితి కూడా ఉంది. డబ్బు విదేశానికి పంపేటప్పుడు బ్యాంకు అడిగే, 15సీబీగా అలవాటైన సర్టిఫికెట్ మీద సంతకం చేసే అధికారం చార్టర్డ్ అకౌంటెంటుకే ఉంది. సీఏ కాని ట్యాక్స్ కన్సల్టెంటు ఈ రంగంలోకి రావాలంటే ఆ ఒక్క మెట్టుకు సీఏను పక్కన పెట్టుకోవాల్సిందే. అది లోటే అయినా, అక్కడి నుంచి తిరిగి రిఫరెన్సులు వచ్చే దారి కూడా అదే అవుతుంది.

వ్యాపారాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి

కుదించుకునే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి ఒక వ్యాపారాన్ని పట్టుకోవడం, మిర్యాలగూడ రైస్ మిల్లుల వ్యాపారమో, భీమవరం రొయ్యల వ్యాపారమో. రెండోది ఒక సందర్భాన్ని పట్టుకోవడం, పైన చూసిన అమ్మకంలాగా.

మిల్లర్లు ఒకరికొకరు తెలుసు. అసోసియేషన్ మీటింగులో, పెళ్లిలో, ధాన్యం సీజన్‌లో కలుస్తూనే ఉంటారు. ఒకరికి పని బాగా చేస్తే మాట దానంతటదే నడుస్తుంది. పైగా పని ఏటా ఉంటుంది. కానీ వాళ్లు ఒకరికొకరు పోటీదారులు కూడా. “ఆ మిల్లు లెక్కలు చూసే మనిషే మన లెక్కలూ చూస్తాడా?” అన్న అనుమానం రావడం సహజం. మూడు మిల్లుల వరకు పరుగెత్తిన మాట నాలుగో మిల్లు గేటు దగ్గర ఆగిపోవడానికి కారణం తరచూ ఇదే. ఒక్క మిల్లు మార్జిన్ గురించి ఇంకో మిల్లులో నోరు జారితే మొత్తం ఊరు పోతుంది.

ఫ్లాటు అమ్మే ఎన్నారైలకు ఈ బెడద లేదు. ఒకరి అమ్మకంతో ఇంకొకరికి నష్టం లేదు కాబట్టి ధారాళంగా చెప్పుకుంటారు. కానీ ఒక మనిషి జీవితంలో ఇలాంటి అమ్మకం ఒకటో రెండో. పాత క్లయింట్ల మీదే ఆధారపడితే పని ఎండిపోతుంది. అందుకే సందర్భాన్ని పట్టుకున్నవారు క్లయింటుకంటే ఎక్కువగా ఆ సందర్భం దగ్గర రోజూ నిలబడే బ్రోకరుతో, బ్యాంకు ఉద్యోగితో సంబంధం నిలుపుకోవాలి.

ఎంత కుదిస్తే మరీ ఎక్కువ

దీనికి లెక్క వేసుకోవచ్చు. ఊరికే ఉదాహరణకు, ఒక్కో కేసుకు 35 వేల ఫీజు అనుకుందాం. ఏడాదికి 40 కేసులు వస్తే 14 లక్షలు. ఒక్కో పంపే మనిషి ఏడాదికి రెండు కేసులు పంపితే 20 మంది కావాలి. 20 మందిని గుర్తుపెట్టుకుని, మూడు నెలలకోసారి పలకరించడం ఒక్క మనిషికి సాధ్యమే.

ఇప్పుడు రంగాన్ని ఇంకాస్త బిగించి ‘కెనడాలో ఉన్నవారి వ్యవసాయేతర స్థలాల అమ్మకం’ అన్నామనుకోండి. అదే బ్రోకరుకు అలాంటి కేసు రెండేళ్లకొకటి తగలవచ్చు. రెండేళ్లలో అతను పేరు మరిచిపోతాడు, కాగితం పారేస్తాడు, ఫోన్ మారుస్తాడు. మార్కెట్ చిన్నదైపోవడం కంటే ముందు దెబ్బ తగిలేది ఈ జ్ఞాపకానికి. పంపే మనిషికి ఆ సందర్భం ఏడాదికి కనీసం రెండు మూడుసార్లు ఎదురుకాకపోతే రంగం మరీ ఇరుకైందనే లెక్క.

ఇంకా ఒక అపాయం ఉంది, దీన్ని తక్కువగా తీసుకోవడానికి లేదు. ఒక నియమం మీద నిలబడిన రంగం ఆ నియమం మారితే కదిలిపోతుంది. 2024 జులైలో రేట్లు మారినప్పుడు అంతకుముందు నేర్చిన ఇండెక్సేషన్ లెక్కలు ఎన్నారైల కేసుల్లో ఒక్కరోజులో పనికిరాకుండా పోయాయి. రేపు కోత నేరుగా లాభం మీదే అని ప్రభుత్వం సులువు చేస్తే, సర్టిఫికెట్ పని చాలావరకు తగ్గిపోతుంది. అందుకే పేరు నియమంతో ముడిపడకుండా సందర్భంతో ముడిపడితే కొంత రక్షణ ఉంటుంది. ‘ఫారం 13 చేస్తాను’ అనేవాడి కంటే ‘బయట ఉన్నవాళ్లు ఇక్కడి ఇల్లు అమ్మితే నేను చూస్తాను’ అనేవాడికి నియమాలు మారినా పని మిగులుతుంది.

పాత క్లయింట్లను ఏం చేయాలి

కుదించుకోవడం అనగానే చాలామందికి వచ్చే టెన్షన్ ఇదే. నెలనెలా జీఎస్టీ కట్టించుకునే యాభై మంది మీద ఇల్లు గడుస్తుంటే వాళ్లను పొమ్మనడం ఎలా? పొమ్మనాల్సిన అవసరం లేదు. మారాల్సింది బయట చెప్పుకునే మాట. ఉన్న పని అలాగే నడుస్తుంది. కొత్తగా పరిచయమయ్యేవారికి, బ్రోకరుకు, బ్యాంకుకు చెప్పేది మాత్రం ఒక్కటే ఉంటుంది. సాటి కన్సల్టెంటుకు ‘మిగతావి చేయను’ అన్న మాట కూడా అతను పంపిన క్లయింటు విషయంలో ఇచ్చేదే. పాత ఖాతాలతో దానికి పేచీ లేదు.

అసలు ఏ పనిని ఎంచుకోవాలో కూడా ఈ పాత ఫైళ్లే చెబుతాయి. గత రెండేళ్ల కేసులు ముందేసుకుని, ఎవరు పంపితే వచ్చాయో, వాళ్లు ఏ మాట విని పంపారో పక్కన రాసుకుంటే ఒకటి రెండు చోట్ల గీతలు దట్టంగా కనిపిస్తాయి. చాలామందికి ఎన్నారై పని కనిపించకపోవచ్చు. వారసత్వ ఆస్తుల పంపకమో, హాస్టళ్ల జీఎస్టీయో, మూతపడ్డ కంపెనీల నోటీసుల పనో బయటపడవచ్చు.

మార్పు పనిచేస్తోందా లేదా అన్నది ఆదాయంలో కనిపించడానికి ఏడాది పడుతుంది. అంతకంటే ముందే ఫోన్‌లో తెలుస్తుంది. కొత్తగా ఫోన్ చేసేవారి మొదటి వాక్యాన్ని ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. “మీరు ట్యాక్స్ పనులు చూస్తారట” అని మొదలైతే మాట ఇంకా పాత దారిలోనే తిరుగుతోంది. “మా అబ్బాయి ఫ్లాటు అమ్ముతున్నాడు, అడ్వాన్స్ తీసుకోకముందే మిమ్మల్ని అడగమన్నారు” అని మొదలైతే, పంపినవారు పేరుతోపాటు ఆ ‘ముందే’ అన్న మాటను కూడా మోసుకొచ్చారన్నమాట. సర్టిఫికెట్‌కు కావలసిన ఆ కొన్ని వారాలు అప్పుడే చేతిలో ఉంటాయి.